పదిహేను సెకన్లలో ఎనిమిది వారాలు

ఫోన్‌లో నిలువు వీడియోలు చూసేవాళ్లందరికీ తెలిసిన ప్రకటన ఇది. అమ్మాయి బుగ్గ మీద గోధుమరంగు మచ్చలుంటాయి. ఆమె కెమెరాకు అరచేయి అడ్డం పెడుతుంది. చేయి తీసేసరికి బుగ్గ నున్నగా మెరుస్తుంటుంది, పక్కన సీరమ్ సీసా కనిపిస్తుంది. ఒక్క రోజులో మచ్చలు పోతాయని అందులో ఎవరూ అనలేదు. అసలు ఎన్ని రోజులు పట్టిందో కూడా అనలేదు. కానీ చూసినవాళ్ల కంటికి పట్టింది అర సెకనే. మనసులో నాటుకునేది కూడా ఆ అర సెకనే.

సీరమ్ ప్రకటనల్లో అతిశయోక్తి అనగానే అందరూ మాటల్లో వెతుకుతారు. ‘మాయం’, ‘శాశ్వతంగా’, ‘నూరు శాతం’ లాంటి పదాలు కొట్టేస్తే స్క్రిప్టు శుభ్రపడిందనుకుంటారు. పదిహేను సెకన్ల వీడియోలో మాటలకంటే ముందే బొమ్మ అబద్ధమాడేస్తుంది. రెండు షాట్ల మధ్య కోత పడిన చోట వారాలన్నీ మింగుడుపడిపోతాయి. అందుకే ఇలాంటి స్క్రిప్టు రాసేవాళ్లు మొదట తేల్చుకోవలసింది కాలాన్ని తెర మీద ఎలా చూపాలన్నది. మాటల సంగతి దాని తర్వాత.

ఉదాహరణకు ఒక సీరమ్ తీసుకుందాం. ముప్పై మిల్లీలీటర్ల సీసా, అందులో 5 శాతం నియాసినమైడ్. మొటిమ మానాక మిగిలే నల్లటి, గోధుమరంగు మచ్చల కోసం ఈ రకం సీరమ్‌లు విరివిగా అమ్ముడవుతున్నాయి. నియాసినమైడ్ అంటే బి3 విటమిన్‌లో ఒక రూపం. చర్మం అడుగు పొరలో మెలనిన్ అనే రంగు తయారవుతుంది. అది చిన్న చిన్న పొట్లాలుగా పైపొర కణాలకు చేరుతుంది. ఆ చేరవేతను నియాసినమైడ్ నెమ్మదింపజేస్తుంది. అప్పటికే పైకి వచ్చిన రంగును అది చెరపదు. రంగు నిండిన ఆ కణాలు క్రమంగా పైకి జరిగి రాలిపోవాలి, వాటి చోటికి తక్కువ రంగున్న కణాలు రావాలి. ఇరవైల్లో ఉన్నవాళ్లకు ఒక విడత పూర్తవడానికే దాదాపు నాలుగు వారాలు పడుతుంది, వయసు పెరిగేకొద్దీ ఇంకా ఎక్కువ. వారం రోజుల్లో మచ్చ పోయిందని ఎవరైనా చూపిస్తే, ఆ సీరమ్ పనిచేసే తీరుకే అది పొసగదు.

ఈ పదార్థం మీద 2002లో బ్రిటిష్ జర్నల్ ఆఫ్ డెర్మటాలజీలో ఒక అధ్యయనం వచ్చింది. అందులో నియాసినమైడ్ ఉన్న క్రీమునూ, అది లేని అదే క్రీమునూ పోల్చి చూశారు. నాలుగు వారాలకు తేడా కనిపించింది. మచ్చలు తగ్గాయన్నారు తప్ప లేకుండా పోయాయనలేదు. మన స్క్రిప్టు ఎంతవరకు వెళ్లవచ్చో ఇక్కడే తెలుస్తోంది: మచ్చ పలచబడుతుంది, అందుకు వారాలు పడుతుంది. ఇంకో మాట. మొటిమ వదిలిన మచ్చలు ఏమీ రాయకపోయినా నెలల మీద కొంత వాటంతటవే తగ్గుతాయి. పగలు సన్‌స్క్రీన్ రాసుకుంటే ఇంకాస్త త్వరగా తగ్గుతాయి. తెర మీద కనిపించే తేడాలో సీరమ్ వాటా ఎంత, కాలం వాటా ఎంత, సన్‌స్క్రీన్ వాటా ఎంత అన్నది ఒక మనిషి మొహం చూసి ఎవరూ విడదీయలేరు.

కాబట్టి ఆ ఒక్క మొహాన్ని రుజువుగా కాక ఉదాహరణగానే చూపాలి. రుజువు కంపెనీ దగ్గర వేరే ఉండాలి. అదే ఫార్ములా మీద చేసిన పరీక్షల కాగితాలు ప్రకటన విడుదలకు ముందే ఫైల్లో సిద్ధంగా ఉండాలి. ఆ కాగితాలు ఎంతవరకు చెబితే స్క్రిప్టు కూడా అంతవరకే చెప్పాలి. పరీక్షలో వాడినవాళ్ల అభిప్రాయం మాత్రమే అడిగితే ‘మచ్చలు తగ్గినట్టు అనిపించింది అన్నారు’ అని రాయవచ్చు, ‘మచ్చలు తగ్గాయి’ అని రాయకూడదు. శాతం చెప్పదలిస్తే ఎంతమందిని అడిగారో కూడా పక్కనే చెప్పాలి.

ఇక షూటింగ్. స్క్రిప్టు రాసేవాళ్లు సాధారణంగా ఎనిమిదో వారంలో రంగంలోకి దిగుతారు. అప్పటికి మొదటిరోజు బొమ్మ ఎవరో బాత్‌రూమ్ లైటు కింద తీసేసి ఉంటారు, దాన్ని బాగుచేసే దారి ఉండదు. మొదటిరోజు షాట్ ఎలా తీయాలో కూడా స్క్రిప్టులో భాగమే అని నా నమ్మకం. మొహం సబ్బుతో కడిగి, తుడిచి, పావుగంట ఆగాలి. రుద్దిన ఎరుపు తగ్గుతుంది, తడి ఆరుతుంది. మేకప్ ఉండకూడదు, సీరమ్ కూడా ఉండకూడదు. అప్పుడే రాసిన సీరమ్ తళతళలాడుతుంది, ఆ మెరుపు కింద మచ్చ సగం దాగిపోతుంది. చాలా ప్రకటనల్లో ‘తర్వాత’ అని చూపేది నిజానికి తడిసిన చర్మాన్ని. ఎనిమిది వారాల ఫలితం చూపే షాట్‌లో చర్మం పొడిగానే ఉండాలి, మొదటిరోజు ఎలా ఉందో అలాగే.

వెలుతురు కూడా మారకూడదు. కిటికీ వెలుగు నమ్ముకుంటే వానాకాలంలో మొదలుపెట్టిన వీడియో చలికాలంలో ముగుస్తుంది, రెండింటి వెలుగుకూ పొంతన ఉండదు. తలుపులు మూసిన గదిలో ఒకే లైటు, దాని స్టాండు చోటు నేల మీద టేపుతో గుర్తు పెట్టుకుంటే సరి. కుర్చీకీ ఫోనుకూ మధ్య దూరం కొలిచి రాసుకోవాలి. వెనక కెమెరాతోనే తీయాలి, ఎక్స్‌పోజర్ లాక్ చేయాలి. చాలా ఫోన్లలో బ్యూటీ మోడ్ ముందే ఆన్ అయి ఉంటుంది. దాన్ని ఆపాలి, వీడియో పెట్టే యాప్‌లోని రీటచ్‌నూ ఆపాలి. ఆస్కీ అని పిలిచే అడ్వర్టైజింగ్ స్టాండర్డ్స్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా నియమాల్లో కూడా, ప్రకటన చెప్పే ఫలితాన్ని ఎక్కువ చేసి చూపే ఫిల్టర్లు సోషల్ మీడియా ప్రకటనల్లో వాడకూడదని ఉంది.

ఇన్ని జాగ్రత్తలు తీసుకున్నా వెలుతురు నిజంగా మారలేదని ఎలా తెలుస్తుంది? దానికి సులువైన పరీక్ష ఒకటుంది. చాలామంది మొహం మీద ఎక్కడో ఒకచోట పుట్టుమచ్చ ఉంటుంది. నియాసినమైడ్ పుట్టుమచ్చను పలచబరచదు. రెండు బొమ్మలూ పక్కపక్కన పెట్టి చూడండి. మొటిమ మచ్చలతోపాటు పుట్టుమచ్చ కూడా లేతగా కనిపిస్తే ఆ తేడా లైటుది, సీరమ్‌ది కాదు. పుట్టుమచ్చ అంతే నల్లగా ఉండి, పక్కనున్న మొటిమ మచ్చలు మాత్రమే పలచబడితే ఆ జంటను వాడుకోవచ్చు. పుట్టుమచ్చ లేని మొహమైతే మెడ దగ్గర తెల్ల కాగితం ముక్క పెట్టుకుని తీయాలి. రెండోసారి ఆ కాగితం ఇంకా తెల్లగా కనిపిస్తే బొమ్మలు పక్కన పెట్టేయవలసిందే.

మొహంలో భావం కూడా మారకూడదు. మొదటిరోజు దిగులుగా తల వంచి, ఎనిమిదో వారం నవ్వుతూ తలెత్తితే మచ్చ కంటే ముందు మనిషే మారినట్టు ఉంటుంది. తల వంచితే పైనుంచి పడే లైటు నీడలు పెంచుతుంది, ఎత్తితే తగ్గిస్తుంది. చర్మపు రంగు ఉత్పత్తుల ప్రకటనల మీద ఆస్కీ 2014లో తెచ్చిన నియమాలు ఈ సంగతిని నేరుగానే ప్రస్తావించాయి: వాడకముందు చూపే మొహం దిగాలుగా, ఆకర్షణ లేనట్టుగా ఉండకూడదు. చామనఛాయ మొహాలనే దశాబ్దాలుగా ‘ముందు’ బొమ్మల్లో కూర్చోబెట్టిన దేశం మనది. మచ్చ గురించి చెప్పే వీడియో మచ్చ దగ్గరే ఆగాలి. ‘తెల్లబడుతుంది’, ‘రంగు తేలుతుంది’ అన్న మాటలు ఈ సీరమ్ స్క్రిప్టులోకి ఏ వైపునుంచీ రాకూడదు.

ఇప్పుడు రాత. తెలుగులో హాయిగా, వినేవాళ్లకు అందేలా చదివితే పదిహేను సెకన్లలో పట్టేది పాతిక మాటలు, మహా అయితే ఇంకో రెండు మూడు. మన మాటలు పొడుగు కాబట్టి ఇంగ్లిష్ స్క్రిప్టు లెక్క ఇక్కడ పనికిరాదు. కంపెనీల నుంచి సాధారణంగా వచ్చే మొదటి ముసాయిదా ఇలా ఉంటుంది: “మొండి మచ్చలకు గుడ్‌బై! డెర్మటాలజిస్టులు మెచ్చిన మా సీరమ్‌తో ఏడు రోజుల్లో మచ్చలేని, గాజులాంటి చర్మం మీ సొంతం.” ఇందులో కాగితాలతో నిరూపించగల మాట ఒక్కటీ లేదు. ఏ డెర్మటాలజిస్టులు, ఎంతమంది, ఏం చూసి మెచ్చారు? ఏడు రోజుల లెక్క ఎక్కడిది? ‘మచ్చలేని’ అంటే ఒక్కటీ మిగలలేదనేగా?

దాని చోట ఈ పాతిక మాటలు పెట్టి చూద్దాం: “నా బుగ్గ మీద మొటిమ తగ్గాక మిగిలిన మచ్చలివి. మొదటి రోజు, మేకప్ లేదు. ఐదు శాతం నియాసినమైడ్ సీరమ్, రోజుకు రెండుసార్లు. పగలు సన్‌స్క్రీన్ కూడా. ఎనిమిదో వారం: మచ్చలు పలచబడ్డాయి, పోలేదు.”

బొమ్మలు ఇలా నడుస్తాయి. మొదటి మూడు సెకన్లు మొదటిరోజు బుగ్గ, నిశ్చలంగా. పైన పెద్ద అక్షరాల్లో ‘మొదటి రోజు’. మూడో సెకను నుంచి ఆరు వరకు డ్రాపర్ నుంచి నాలుగు చుక్కలు వేళ్ల మీద పడటం, బుగ్గకు అద్దడం. మెరుపంతా ఇక్కడే చూపించుకోవచ్చు, ఇది వాడే తీరు తప్ప ఫలితం కాదు. ఆరు నుంచి ఎనిమిది వరకు ‘నాలుగో వారం’, మళ్లీ అదే కోణం, అదే పొడి చర్మం, తేడా కొంచెమే. ఎనిమిది నుంచి పదమూడు వరకు తెర మధ్యకు అడ్డంగా గీత పడుతుంది: పైన మొదటి రోజు, కింద ఎనిమిదో వారం, రెండింటి మీదా పేర్లు. చివరి రెండు సెకన్లు సీసా.

నాలుగో వారం షాట్ తీసేద్దామని ఎడిటింగ్‌లో ఎవరో ఒకరు తప్పకుండా అంటారు. తేడా పెద్దగా లేదు కదా, సమయం దండగ అంటారు. నా మటుకు ఈ వీడియోలో తీసేయకూడని షాట్ ఏదంటే అదే. సగం దారిలో ఎంత కొంచెం తేడా ఉందో చూసినప్పుడే, మిగతా సగానికి కూడా అంతే ఓపిక కావాలని చూసేవాళ్లకు తెలుస్తుంది. ఆ షాట్ లేకపోతే మొదటిరోజుకూ ఎనిమిదో వారానికీ మధ్య కోత మళ్లీ అరచేయి అడ్డం పెట్టి తీసినట్టే ఉంటుంది, పైన ఏం రాసినా సరే.

ఇంకో అభ్యంతరం చివరి మాట మీద వస్తుంది. “పోలేదు అని మనమే చెప్పుకుంటే ఎవరు కొంటారండీ?” అని. ఆ ఒక్క మాట తీసేసి చదవండి. ‘మచ్చలు పలచబడ్డాయి’ అనగానే వినేవాళ్లు మిగతాది తామే పూరించుకుంటారు: ఇంకో నెల వాడితే పూర్తిగా పోతాయి కాబోలు. ‘పోలేదు’ అన్న మాట ఆ ఊహకు అడ్డుకట్ట వేస్తుంది. కొన్న మనిషి ఎనిమిదో వారంలో అద్దం ముందు నిలబడ్డప్పుడు కనిపించేది ముందే విన్నదై ఉంటుంది. సన్‌స్క్రీన్ సంగతి తీసేయమనేవాళ్లు కూడా ఉంటారు, ఘనత దానికి పోతుందని. వీడియోలోని అమ్మాయి నిజంగా వాడినప్పుడు దాన్ని దాచడానికి లేదు. ఫలితంలో సీరమ్ వాటానే చూపాలని పట్టుదల ఉంటే దారి ఉంది: రెండు బుగ్గలకూ సన్‌స్క్రీన్, ఒక బుగ్గకే సీరమ్. ఎనిమిది వారాల తర్వాత రెండు బుగ్గలూ చూపించాలి. పాత అధ్యయనాలు నడిచిన పద్ధతి కూడా దాదాపు ఇలాంటిదే. అందులో తేడా చిన్నదిగా రావచ్చు, ఆ చిన్నతనాన్ని ఒప్పుకునే ధైర్యం కంపెనీకి ఉండాలి.

మచ్చ అన్న మాట దగ్గర కూడా జాగ్రత్త కావాలి. మొటిమ వదిలిన రంగు మచ్చ వేరు, గుంట వేరు, మంగు వేరు. గుంటల్ని ఏ సీరమూ పూడ్చదు. మంగు చర్మవ్యాధుల నిపుణులు చూడవలసిన సమస్య. మన దేశంలో 1940 నాటి డ్రగ్స్ అండ్ కాస్మెటిక్స్ చట్టం సౌందర్య సాధనాన్ని శుభ్రపరిచేది, అందాన్నిచ్చేది, రూపాన్ని మార్చేది అనే నిర్వచించింది. జబ్బు నయం చేస్తుందనగానే అది మందు కోవలోకి వెళ్తుంది. అందుకే స్క్రిప్టులో ‘మొటిమ తగ్గాక మిగిలిన మచ్చలు’ అని నాలుగు మాటలు ఖర్చుపెట్టాం. ‘మచ్చలు’ అని ఒక్క మాటతో సరిపెడితే మంగుతో బాధపడుతున్న ఆవిడ కూడా తన గురించే అనుకుని కొంటుంది.

చిన్న అక్షరాల సంగతికి వద్దాం. తెలుగులో గొప్పగా చెప్పి, అడుగున ఇంగ్లిష్‌లో ‘ఫలితాలు మారవచ్చు’ అని వేసే అలవాటు మన దగ్గర బాగా ఉంది. కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2022లో తెచ్చిన మార్గదర్శకాలు దీన్ని ఒప్పుకోవు. ప్రకటన ఏ భాషలో చెబితే వివరణ కూడా ఆ భాషలోనే ఉండాలి, అక్షరాలు కూడా అదే ఫాంటులో ఉండాలి. అన్నిటికంటే ముఖ్యం, తప్పుదోవ పట్టించే మాటను సరిదిద్దడానికి వివరణను వాడుకోకూడదు. ‘ఏడు రోజుల్లో’ అని పెద్దగా చెప్పి, కింద ‘ఎనిమిది వారాల వాడకం తర్వాత’ అని రాస్తే రెండోది మొదటిదాన్ని కాపాడదు. మన స్క్రిప్టులో వారాల లెక్క ప్రధాన వాక్యంలోనే ఉంది కాబట్టి అడుగున రాయడానికి మిగిలేది తక్కువ.

నిలువు వీడియోకు ఇంకో చిక్కుంది. తెర అడుగున ఖాతా పేరు, రాత వచ్చి కూర్చుంటాయి, కుడి పక్కన లైకు, షేరు గుర్తులు వస్తాయి. ఎడిటింగ్ కంప్యూటర్ మీద చక్కగా కనిపించిన వాక్యం ఫోన్‌లో వాటి వెనక దాగిపోతుంది. వారాల పేర్లు తెర పైసగంలో, మధ్యకు వచ్చేలా వేయాలి. వీడియోలో మాట్లాడే అమ్మాయికి డబ్బో సీసాలో ఇచ్చి ఉంటే ‘ప్రకటన’ అన్న మాట తెర మీదే ఉండాలి. 2021 ఆస్కీ నియమాల ప్రకారం పదిహేను సెకన్లు, అంతకంటే తక్కువ ఉన్న వీడియోలో అది కనీసం 3 సెకన్లు కనిపించాలి. మొదటి ఫ్రేము నుంచి చివరిదాకా ఉంచేయడం మేలు. మధ్యలో మూడు సెకన్లు వేస్తే అప్పటికే వేలు పైకి జరిపేసినవాళ్లకు అది చేరదు.

విడుదలకు ముందు ఒక్క పరీక్ష చేస్తే చాలు. ఈ పనితో సంబంధం లేని మనిషికి ఫోనిచ్చి, శబ్దం ఆపేసి, వీడియో ఒక్కసారి చూడమనండి. ఎందుకంటే చాలామంది శబ్దం లేకుండానే చూస్తారు. తర్వాత రెండే అడగండి: ఇది ఎన్నాళ్ల ఫలితం అనుకున్నారు? మచ్చలు ఇంకా ఉన్నాయా? “వారమేమో” అని గానీ “లేవుగా” అని గానీ జవాబొస్తే స్క్రిప్టు మళ్లీ రాయాలి. తప్పు ఆ మనిషిది కాదు. ఎక్కువగా తప్పు జరిగేది రెండు చోట్ల. ఒకటి, వీడియో ముఖచిత్రంగా ఎనిమిదో వారం బొమ్మ ఒక్కటే పెట్టడం, అది వారాల పేరు లేకుండా ఖాతా పేజీలో శాశ్వతంగా నిలిచిపోతుంది. రెండోది, వీడియో కింద రాత. స్క్రిప్టు ఒకరు రాస్తే ఆ రాత ఇంకొకరు రాస్తారు, తీసేసిన ‘ఏడు రోజుల్లో’ అక్కడ తిరిగి ప్రత్యక్షమవుతుంది. ఆ రెంటినీ కూడా స్క్రిప్టు కాగితం మీదే రాసిచ్చి, సంతకం పెట్టించుకోవడం మంచిది.

తీసిన బొమ్మల అసలు ఫైళ్లు తేదీలతో సహా దాచిపెట్టాలి. 2011లో బ్రిటన్‌లోని ప్రకటనల నియంత్రణ సంస్థ జూలియా రాబర్ట్స్ నటించిన లాంకోమ్ ఫౌండేషన్ ప్రకటనను నిషేధించింది. ఆ బొమ్మలో కనిపించిన ఫలితం రీటచ్ వల్ల పెరిగింది కాదని కంపెనీ చూపించలేకపోయింది. మన దగ్గర తప్పుదోవ పట్టించే ప్రకటనకు 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద కంపెనీకీ, ప్రచారం చేసినవాళ్లకూ 10 లక్షల రూపాయల వరకు జరిమానా పడవచ్చు, మళ్లీ చేస్తే 50 లక్షల వరకు. మొదటిరోజు బొమ్మ ఎడిట్ చేయని ఫైలు చేతిలో ఉన్నవాళ్లు ఫిర్యాదు వచ్చిన రోజున జవాబు చెప్పగలరు.

ఎనిమిదో వారం బొమ్మ మొదటిరోజు బొమ్మలాగే ఉంటే ఏం చేయాలి? అలా జరుగుతుంది, అందరి చర్మం ఒకేలా స్పందించదు. లైటు కాస్త పెంచి, సీరమ్ రాసి మెరిపించి తీస్తే ఎవరికీ తెలియదనే ఆలోచన వచ్చేది అప్పుడే. ఆ మొహంతో ఫలితం వీడియో లేనట్టే. రెండు నెలల కిందటే నలుగురైదుగురితో మొదటిరోజు బొమ్మలు తీయించి ఉంటే వేరేవాళ్లవి చూడవచ్చు. అయితే ఐదుగురిలో ఒక్కరికే తేడా వస్తే ఆ ఒక్కరినీ అందరి ప్రతినిధిగా చూపకూడదు, ‘ఐదుగురు వాడారు, ఈమెకు తేడా కనిపించింది’ అని చెప్పాలి. అది చెప్పలేనప్పుడు ఆ పదిహేను సెకన్లూ సీసాలో ఏముందో, ఎన్ని చుక్కలు వేసుకోవాలో, సన్‌స్క్రీన్‌కు ముందా వెనకా అన్నది చూపించడానికి వాడుకోవచ్చు. కొనేవాళ్లకు అది కూడా కావలసిన సమాచారమే. ‘తర్వాత’ అన్న మాట ఆ స్క్రిప్టులో అసలు ఉండదు.